బడి దారి దుకాణదారు: అమ్మకాల రికార్డుల నుంచి రూపొందించిన కస్టమర్ పర్సోనా

ఈ పత్రం మన స్టేషనరీ టోకు వ్యాపారంలోని అమ్మకాలు, గోదాము, ఖాతాల విభాగాల కోసం. వచ్చే త్రైమాసికం నుంచి పెట్టె విప్పి లూజుగా ఇవ్వడం పూర్తిగా మానేయాలన్న ప్రతిపాదన యాజమాన్యం ముందున్నది. దానిపై నిర్ణయం తీసుకునే ముందు, లూజుగా అడుగుతున్నది ఎవరో, ఎందుకు అడుగుతున్నారో తెలియాలి. మన బిల్లులు ఈ రెండు ప్రశ్నలకూ చాలావరకు సమాధానం చెబుతున్నాయి.

పర్సోనా అంటే ఒకే తీరున కొనే కొనుగోలుదారుల నమూనా చిత్రం. దీనికి మనిషి పేరు, ఫొటో, వయసు, అభిరుచులు పెట్టలేదు. బిల్లులో అవి ఉండవు కాబట్టి పెడితే మనం కల్పించి పెట్టినట్లే అవుతుంది. పైగా మనిషి పేరు పెట్టిన మరుక్షణం నుంచి చర్చ బిల్లులను వదిలి ఆ మనిషి చుట్టూ తిరగడం మొదలవుతుంది. అందువల్ల ఇందులో కొనే తీరు, చెల్లించే తీరు, తిరిగి వచ్చే తీరు మాత్రమే ఉన్నాయి.

రికార్డులను ఎలా శుభ్రం చేశాం

గడచిన 18 నెలల బిల్లులు, రిటర్ను నోట్లు, చెల్లింపుల ఖాతా తీసుకున్నాం. లెడ్జరులో 412 పేర్లు ఉన్నాయి. ఒకే దుకాణం రెండు మూడు స్పెల్లింగులతోనూ, యజమాని పేరుతో ఒకసారి, దుకాణం పేరుతో మరొకసారి నమోదు కావడం వల్ల ఈ సంఖ్య పెరిగింది. ఫోన్ నంబరు, డెలివరీ చిరునామా సరిపోల్చి కలిపితే అసలు కొనుగోలుదారులు 347 మంది అని తేలింది. కౌంటరు దగ్గర ఎవరు కొన్నా ‘క్యాష్’ అనే ఒకే ఖాతాలో రాస్తున్నందువల్ల, కాగితం మీద మన అతిపెద్ద కొనుగోలుదారు ఆ ఖాతాయే అయి కూర్చుంది. ఆ బిల్లులను లెక్కలోంచి తొలగించాం. రద్దయిన బిల్లులు, రెండు గోదాముల మధ్య సరుకు బదిలీకి రాసిన బిల్లులు కూడా తీసివేయగా 11,640 బిల్లులు మిగిలాయి.

ఒక జాగ్రత్త అవసరమైంది. 18 నెలల వ్యవధిలో బడులు తెరిచే కాలం రెండుసార్లు వచ్చింది. మొత్తాన్ని కలిపి నెలవారీ సగటు తీస్తే ఆ కాలం ప్రాముఖ్యం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే కాలాన్ని బట్టి మారే లెక్కలన్నీ చివరి 12 నెలల నుంచే తీశాం. అలాగే బిల్లుకూ బిల్లుకూ మధ్య వ్యవధికి సగటు బదులు మధ్యగత విలువను, అంటే అన్నిటినీ వరుసలో పేర్చితే సరిగ్గా మధ్యన వచ్చే విలువను వాడాం. బడి దారి దుకాణాల్లో సెలవుల కాలంలో వచ్చే పెద్ద విరామాల వల్ల సగటు 17 రోజులు చూపుతోంది కానీ మధ్యగత విలువ 11 రోజులే. పదిహేడో రోజు దాకా ఫోన్ చేయకుండా కూర్చున్న ప్రతినిధికి ఆ దుకాణం ఆర్డరు అప్పటికే వేరే చోటికి పోయి ఉంటుంది.

చివరి కొనుగోలు ఎప్పుడు, ఎంత తరచుగా, ఎంత విలువకు అన్న మూడు కొలతలతో మొదట వర్గీకరించాం. అది మంచి కొనుగోలుదారులెవరో చెప్పింది గాని ఎలాంటి వారో చెప్పలేదు. బిల్లులోని సరుకుల మిశ్రమాన్ని, పూర్తి పెట్టెలకూ లూజుకూ మధ్య నిష్పత్తిని కూడా చేర్చాకే గుంపులు స్పష్టంగా విడిపోయాయి. బడి సరుకు ఎక్కువగా కొనే చిల్లర దుకాణాలుగా 131 తేలాయి. వాటిలో 19 దుకాణాల కొనుగోళ్లలో సగానికి పైగా ఏ4 కాగితమే. బోర్డు మీద పుస్తకాల దుకాణమని రాసి ఉన్నా, మన లెక్కలో అవి ఫొటోకాపీ కేంద్రాలు. వాటిని పక్కన పెట్టగా మిగిలిన 112 దుకాణాలే ‘బడి దారి దుకాణదారు’ అనే ఈ పర్సోనాకు ఆధారం. మన బిల్లుల్లో 48 శాతం, అమ్మకాల విలువలో 29 శాతం వీరివి. బిల్లుల్లో దాదాపు సగమూ విలువలో మూడో వంతుకన్నా తక్కువా కావడం వల్లనే గోదాములో వీరిపై విసుగు ఉన్నది.

కొనే తీరు

బడి దారి దుకాణదారు పదకొండు రోజులకొకసారి ఆర్డరు ఇస్తారు. ఒక బిల్లులో మధ్యగతంగా 14 రకాల సరుకులు ఉంటాయి, వాటిలో 9 పూర్తి పెట్టె కన్నా తక్కువ. బడులు తెరిచే అయిదు వారాల్లో రెండు పెద్ద బిల్లులు చేస్తారు, కానీ ఆ అయిదు వారాలు కలిపినా ఏడాది కొనుగోలులో 27 శాతమే. మనం స్కీములన్నీ ఆ అయిదు వారాలకే దాచిపెడుతున్నాం. మిగిలిన 73 శాతం కొనుగోలు ఏ ప్రోత్సాహమూ లేకుండా జరుగుతోంది.

పర్సోనాకు అతి దగ్గరగా ఉన్న ఒక దుకాణం బిల్లును ఇక్కడ చూపడం ఉపయోగం. విద్యా సంవత్సరం మధ్యలో రాసిన సాధారణ బిల్లు అది. నీలం బాల్ పెన్నులు ఒక కార్టను, గీతల నోటుపుస్తకాలు రెండు కట్టలు, పెన్సిళ్లు ఒక గ్రోసు, అంటే 144. ఇంతవరకు అన్నీ నిండు పెట్టెలే. ఆ తర్వాత ఎర్ర పెన్నులు 6, ఆకుపచ్చ పెన్నులు 3, చార్టు కాగితాలు అయిదు రంగుల్లో రంగుకు అయిదేసి, గ్రాఫు పుస్తకాలు 6, నాలుగు గీతల పుస్తకాలు డజను, జామెట్రీ పెట్టెలు 4, జిగురు గొట్టాలు 10. పది రోజుల తర్వాతి బిల్లులో నీలం పెన్నులు లేవు. చార్టు కాగితాలు మాత్రం మళ్లీ ఉన్నాయి, ఈసారి పసుపు, గులాబీ రంగులు మాత్రమే.

ఈ తేడాలోనే అసలు విషయం ఉన్నది. లూజుగా కొనేవారి దగ్గర డబ్బు లేదని మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. దాన్ని రెండు విధాలుగా పరీక్షించాం. డబ్బు ఇబ్బందే కారణమైతే, పాత బాకీ పెరిగిన నెలల్లో లూజు కొనుగోలు నిష్పత్తి కూడా పెరగాలి. 112 దుకాణాల్లో అలా పెరగలేదు. రెండోది, డబ్బు లేనివారు అన్ని సరుకులూ కొద్దికొద్దిగా కొనాలి. కానీ అదే దుకాణం అదే బిల్లులో ఒకే రకంలో నడిచే సరుకును కార్టన్ల లెక్కన కొంటోంది, రంగులో గీతలో సైజులో రకాలు ఉన్న సరుకును మాత్రమే విప్పి అడుగుతోంది. ఆకుపచ్చ పెన్నులు పెట్టె నిండా కొంటే అవి అరలో ఏడాది పాటు ఎండిపోతూ ఉంటాయని ఆ దుకాణదారుకు తెలుసు. పిల్లవాడు అడిగినప్పుడు ఒక్కటైనా లేకపోతే, ఆ పిల్లవాడు మిగతా సరుకు కోసం కూడా పక్క దుకాణానికి వెళతాడనీ తెలుసు. కాబట్టి ఈ లూజు కొనుగోలు పేదరికం కాదు, లెక్క తెలిసిన వ్యాపారం. రిటర్నులు కూడా ఈ మాటనే బలపరుస్తున్నాయి. లూజుగా కొన్నవాటిలో తిరిగి వచ్చినవి నామమాత్రం. రిటర్నుల్లో అత్యధికం స్కీము కింద పూర్తి పెట్టెలుగా మనం అంటగట్టిన రంగు పెన్నులూ అలంకరణ కాగితాలూ.

చెల్లించే తీరు

మన గడువు 21 రోజులు. వీరు మధ్యగతంగా 26వ రోజున చెల్లిస్తారు. బడులు తెరిచే కాలంలో అది 44 రోజులకు జరుగుతుంది, ఆ తర్వాత రెండు నెలల్లో మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. ఏటా అదే సమయంలో జరిగి అదే సమయంలో సర్దుకునే ఆలస్యాన్ని ఎగవేత సూచనగా చూడకూడదు. కానీ మన క్రెడిట్ పరిమితి ఏడాదంతా ఒకటే కావడం వల్ల సరిగ్గా ఆ వారాల్లోనే సాఫ్ట్‌వేరు వీరి ఆర్డర్లను ఆపుతోంది. అలా ఆగిన ఆర్డర్లు 37. వాటిలో 22 సందర్భాల్లో ఆ దుకాణం నుంచి తర్వాతి ఇరవై రోజుల్లో బిల్లే లేదు. బడులు తెరిచే వేళ ఏ స్టేషనరీ దుకాణమూ ఇరవై రోజులు సరుకు లేకుండా నడవదు కాబట్టి, ఆ సరుకు ఇంకొకరి దగ్గర కొన్నారనే అనుకోవాలి.

రికార్డులు చెప్పనివి

బిల్లు మనం ఇచ్చిన సరుకును మాత్రమే చూపుతుంది, అడిగి లేదనిపించుకున్న సరుకును చూపదు. ఆర్డరు తీసుకునేవారు ‘స్టాకు లేదు’ పుస్తకం రాయడం మొదలుపెట్టి నాలుగు నెలలే అయింది. ఆ నాలుగు నెలల పుస్తకాన్ని బట్టి గ్రాఫు పుస్తకాల కొరత బిల్లుల్లో కనిపించేదానికన్నా చాలా ఎక్కువని అనుమానించవచ్చు, నిర్ధారించలేం. ఈ దుకాణాలు మన దగ్గర కొనేది వారి మొత్తం కొనుగోలులో ఎంత భాగమో కూడా రికార్డుల్లో లేదు. అందుకే ప్రతినిధులు 12 దుకాణాలకు వెళ్లి మాట్లాడారు. రకాల సరుకు నిలిచిపోతుందన్న భయాన్ని పది మంది తమంతట తాముగా చెప్పారు. మిగతా ఇద్దరిలో ఒకరు స్థలం లేకపోవడాన్ని, మరొకరు డబ్బును కారణంగా చెప్పారు.

నిర్ణయాలకు దీన్ని ఎలా వాడాలి

లూజు అమ్మకాన్ని పూర్తిగా మానేస్తే గోదాములో శ్రమ తగ్గుతుంది, దానితో పాటు ఈ దుకాణాల నిండు కార్టన్ల ఆర్డర్లు కూడా పోతాయి. ఎందుకంటే నీలం పెన్నుల కార్టనూ, ఆకుపచ్చ పెన్నులు మూడూ ఒకే బిల్లులో, ఒకే ఫోన్ కాల్‌లో వస్తున్నాయి. అలాగని ఇప్పటిలా ప్రతి సరుకునూ విప్పుతూ పోవడం కూడా సమర్థనీయం కాదు. ఈ వర్గం లూజుగా కొన్న బిల్లు వరుసల్లో 64 శాతం కేవలం 46 సరుకులకు చెందినవి. ఆ 46 సరుకులను ఆర్డరు వచ్చినప్పుడు విప్పడం మాని, ముందే చిన్న కట్టలుగా చేసి ఉంచాలి. రంగు పెన్నులకు మిశ్రమ కట్ట, చార్టు కాగితాలకు అయిదేసి రంగుల చుట్ట, గీతల రకాలకు ఆరేసి పుస్తకాల కట్ట సరిపోతాయి. కట్ట కట్టే ఖర్చును ధరలో చేర్చవచ్చు. నిలిచిపోయే సరుకు తగ్గుతుంది కాబట్టి ఆ కొద్ది తేడాను ఈ దుకాణదారు భరిస్తారని మా అంచనా. అయితే ఇది అంచనా మాత్రమే, మొదట పది సరుకులపై రెండు నెలలు పరీక్షించాకే మిగతావాటికి విస్తరించాలి. జాబితాలో లేని సరుకులకు పూర్తి పెట్టె నియమం వర్తింపజేయవచ్చు.

ఖాతాల విభాగం, కనీసం ఒక విద్యా సంవత్సరం పాటు బాకీ పూర్తిగా తీర్చిన దుకాణాలకు బడులు తెరిచే అయిదు వారాలకు ముందే తాత్కాలికంగా పరిమితి పెంచాలి. ప్రతినిధులు పదో రోజున ఫోన్ చేయాలి, గత బిల్లులోని రకాల సరుకును పేరుపేరునా గుర్తు చేయాలి. స్కీముల్లో రంగు సరుకును పూర్తి పెట్టెలుగా చేర్చడం ఆపాలి.

ఆఫీసులు, విద్యాసంస్థలు, ఫొటోకాపీ కేంద్రాలకు ఈ పర్సోనా వర్తించదు. ఫొటోకాపీ కేంద్రాలకు వేరే పర్సోనా తయారవుతోంది. దీన్ని అమ్మకాల మేనేజరు ఆరు నెలలకొకసారి తాజా బిల్లులతో సరిచూస్తారు. ఆర్డర్ల మధ్య వ్యవధి రెండు వరుస త్రైమాసికాల్లో 15 రోజులు దాటినా, బిల్లులో లూజు వరుసలు సగానికన్నా తగ్గినా ఈ పత్రాన్ని వాడడం ఆపి, వర్గీకరణను మొదటి నుంచి చేయాలి.