పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనా? షరతు సంభావ్యతపై ఒక లెక్క

B జరిగిందని ముందే తెలిస్తే A జరిగే సంభావ్యతను P(A|B) అని రాస్తాం.

P(A|B) = P(A∩B) / P(B), P(B) > 0

హారంలోకి P(B) ఎందుకు వచ్చిందో అర్థమైతే సగం పాఠం అయిపోయినట్టే. B జరగని ఫలితాలను పక్కన పెట్టేశాం. మిగిలినవే ఇప్పుడు మన శాంపుల్ స్పేస్.

ఇక లెక్క. మన దేశంలో 15–49 ఏళ్ల వారిలో హెచ్‌ఐవీ ఉన్నవారు సుమారు 0.2 శాతం. వైరస్ ఉన్నవారిలో 99 శాతానికి పాజిటివ్, లేనివారిలో 99 శాతానికి నెగెటివ్ చూపే టెస్టు ఒకటి ఉందనుకుందాం. (ఈ 99 లెక్క సులువు కోసం తీసుకున్నది.) యాదృచ్ఛికంగా ఎంచుకున్న వ్యక్తికి పాజిటివ్ వచ్చింది. వైరస్ ఉండే సంభావ్యత ఎంత?

క్లాసులో అడిగితే చాలామంది తడుముకోకుండా 99 శాతం అంటారు. వైరస్ ఉండటాన్ని H అని, పాజిటివ్ రావడాన్ని + అని రాస్తే, అది P(+|H). మనకు కావాల్సింది P(H|+). చూడ్డానికి ఒకేలా ఉన్నా ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. పరీక్షలో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

సూత్రం కంటే ముందు మనుషుల్ని లెక్కపెడదాం. 1,00,000 మందిని తీసుకుంటే వైరస్ ఉన్నవారు 200, లేనివారు 99,800. ఆ 200 మందిలో 198 మందికి పాజిటివ్. లేనివారిలో 1 శాతానికి, అంటే 998 మందికి, తప్పుగా పాజిటివ్. మొత్తం పాజిటివ్‌లు 1,196.

P(H|+) = 198/1196 ≈ 0.166

అంటే 17 శాతం కూడా లేదు! టెస్టు చెడ్డదేం కాదు. వైరస్ లేనివారి గుంపు మరీ పెద్దది కాబట్టి అందులో 1 శాతం కూడా 198ని మించిపోయింది.

ఇప్పుడు ఆ 1,196 మందికే ఇంకో కిట్‌తో టెస్టు చేద్దాం. కచ్చితత్వం అంతే అనుకుంటే నిజమైన పాజిటివ్‌లు 196.02, తప్పుడువి 9.98. (ఇవి సగటు సంఖ్యలు, దశాంశాలు చూసి కంగారు పడొద్దు.)

P(H|++) = 196.02/206 ≈ 0.95

మూడోదీ పాజిటివ్ అయితే 0.999 దాటుతుంది. లక్షణాలు లేని వ్యక్తికి మూడు వేర్వేరు కిట్లలో పాజిటివ్ వస్తేనే హెచ్‌ఐవీ ఉందని నిర్ధారించాలని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పెట్టిన పద్ధతి వెనక ఉన్న గణితం ఇదే.

'వేర్వేరు' అన్నది ముఖ్యం. వ్యక్తి స్థితి తెలిశాక రెండు టెస్టుల ఫలితాలు పరస్పరం స్వతంత్రం అనే ఊహ మీదే పై గుణకారం నిలబడింది. అదే కిట్‌ను మళ్లీ వాడితే, మొదటిసారి దాన్ని మోసం చేసిన కారణమే రెండోసారీ మోసం చేయవచ్చు. అప్పుడు 0.95 అనే జవాబు చెల్లదు.

అభ్యాసం: 10 శాతం మందికి వైరస్ ఉన్న గుంపులో ఒకే టెస్టుతో P(H|+) కనుక్కోండి. జవాబు: 9900/10800 ≈ 0.917.