మీ నాన్నగారికి మార్ఫిన్ మొదలుపెట్టాం: ఇంట్లో అందరూ చదవాల్సిన కాగితం

మంగళవారం కె.ఆర్.పురంలో మీ ఇంటికి వచ్చినప్పుడు అమ్మగారు, మీ అన్నాచెల్లెళ్ళిద్దరు ఎదురుగా ఉన్నారు, హిందూపురం నుంచి చిన్నాన్నగారు ఫోన్లో విన్నారు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడిగారు, గాభరాలో జవాబులు సగమే చెవికెక్కి ఉంటాయి. అందుకే రాసిస్తున్నాం. మాత్రలు ఇచ్చే మనిషి మారిన ప్రతిసారీ, ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడూ ఈ కాగితం చదివించండి.

చిన్నాన్నగారు అడిగిన మొదటి మాట: "ఆసుపత్రి వాళ్ళు చేతులెత్తేశారా?" మీ నాన్నగారికి క్లోమంలో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకింది. రెండు విడతల కీమో తర్వాత కూడా గడ్డ తగ్గలేదు, ఆయన బరువు 46 కిలోలకు దిగింది. ఇంకో విడత ఇస్తే మందు చేసే మేలు కంటే కీడే ఎక్కువని కీమో ఆపారు, వైద్యం ఆపలేదు. నొప్పి, వాంతి, నిద్రలేమి, మలబద్ధకం, భయం, ఇంట్లో వాళ్ళ అలసట: ఇవన్నీ వైద్యం చెయ్యదగ్గవే. ఆ పనినే ఉపశమన చికిత్స అంటాం. దీనికోసం చివరి రోజుల దాకా ఆగనక్కర్లేదు, కీమో నడుస్తున్నప్పుడే పక్కన మొదలుపెట్టొచ్చు. మీ విషయంలో రెండు నెలలు ఆలస్యమైందనే మా అభిప్రాయం.

ఆయన నొప్పి ఎందుకంత మొండిదో తెలిస్తే మందు సంగతి సులభంగా అర్థమవుతుంది. క్లోమం పొట్ట వెనక, వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది. దాని వెనకే నరాల గుత్తి ఒకటి ఉంది. గడ్డ దాన్ని ఒత్తడంతో పొట్ట మధ్యలో మొదలైన పోటు వీపులోకి గుచ్చుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, దిండు కౌగిలించుకుని ముందుకు వంగి కూర్చుంటే కాస్త సర్దుకుంటుంది. రాత్రంతా ఆయన అలా కూర్చోవడం అందుకే. ఇలాంటి నొప్పికి ట్రమడాల్ చాలదు. మెడికల్ షాపులో కొని వేస్తున్న డైక్లోఫెనాక్ కిడ్నీలనూ కడుపునూ దెబ్బతీస్తుంది. ఆ రెండూ మంగళవారంతో ఆపేశాం, మిగిలిన మాత్రలుంటే వెయ్యకండి. పారాసిటమాల్ 500 రోజుకు నాలుగుసార్లు మాత్రం నడవనివ్వండి, మార్ఫిన్‌కు అది తోడు.

మాత్రలు ఎలా వెయ్యాలి

మీకిచ్చినవి 10 మి.గ్రా. మార్ఫిన్ మాత్రలు. నాలుగు గంటల పాటు పనిచేసే రకం.

పొద్దున 6కు సగం మాత్ర
10కి సగం
మధ్యాహ్నం 2కు సగం
సాయంత్రం 6కు సగం
రాత్రి 10కి ఒక పూర్తి మాత్ర

రాత్రి 2 గంటలకు లేపి వెయ్యాల్సిన సగాన్ని కూడా 10 గంటల దాంట్లోనే కలిపాం, ఆయనా మీరూ తెల్లారేదాకా పడుకోవచ్చు. మొత్తం రోజుకు 30 మి.గ్రా., అంటే మూడు మాత్రలు. ఫోన్లో ఐదు అలారాలు పెట్టుకోండి. అన్నం తిన్నా తినకపోయినా వెయ్యొచ్చు. మింగడం కష్టమైతే ఈ మాత్రను పొడి చేసి చెంచా నీళ్ళలోనో మజ్జిగలోనో కలిపి పట్టొచ్చు. పన్నెండు గంటలు పనిచేసే రకానికి మారిస్తే మాత్రం దాన్ని నలపకూడదు. నలిపితే పన్నెండు గంటల మందూ ఒక్కసారే ఒంట్లో పడుతుంది.

మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా సగం మాత్ర. అరగంటలో పట్టు దొరకడం మొదలై గంటకు పూర్తిగా తెలుస్తుంది. గంట తర్వాతా తగ్గకపోతే ఇంకో సగం ఇవ్వండి. అదనపు సగం వేశామని మామూలు వేళ మాత్ర ఆపకండి. స్నానం చేయించేటప్పుడో పక్క మార్చేటప్పుడో నొప్పి తప్పదనుకుంటే అరగంట ముందే అదనపు సగం ఇవ్వండి. ఒక వేళ మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు మామూలు మోతాదే వెయ్యండి, రెండూ కలిపి వెయ్యకండి.

ప్రతి మాత్రా నోటుబుక్కులో రాయండి: టైము, సగమా పూర్తా, వెయ్యకముందు నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత, గంట తర్వాత ఎంత. "పర్లేదు" అని రాయకండి, ఆయన నోటి నుంచి అంకె రాబట్టండి. రోజుకు మూడు కంటే ఎక్కువ అదనపు సగాలు పడుతున్నాయంటే అసలు మోతాదు చాలడం లేదని అర్థం. లెక్క చూసి మేం పెంచుతాం. మార్ఫిన్‌కు ఇంతకు మించకూడదనే గీత లేదు. నొప్పి తగ్గి, మెలకువ బాగుండే మోతాదే సరైన మోతాదు. మార్ఫిన్ పెంచినా వీపు పోటు వదలకపోతే నరాల నొప్పికి వేరే మాత్ర కలుపుతాం, అవసరమైతే ఆ నరాల గుత్తికే ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతీ ఉంది.

అలవాటైపోతుందా?

చెల్లెలు గట్టిగా పట్టుకున్న భయం ఇదే. నల్లమందు నుంచి తీసేదేగా, అంది. నిజమే, మార్ఫిన్ వచ్చేది నల్లమందు నుంచే. కానీ ఒకే మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి.

మొదటిది, శరీరం మందుకు అలవాటుపడటం. కొన్ని వారాలు వాడి టక్కున ఆపితే చెమటలు, విరేచనాలు, చేతులు వణకడం, కంగారు వస్తాయి. పొద్దున కాఫీ పడకపోతే తలనొప్పి వచ్చినట్టే, కాకపోతే దానికంటే గట్టిగా. ఇది వ్యసనం కాదు. నొప్పి తగ్గి మందు అక్కర్లేకపోతే కొద్దికొద్దిగా తగ్గించి ఆపుతాం. మీ అంతట మీరు ఆపకండి, అంతే.

రెండోది, మోతాదు పెరగడం. జబ్బు పెరిగితే నొప్పి పెరుగుతుంది, దాంతో మందూ పెరుగుతుంది. కొంతవరకు ఒళ్ళు మందుకు తట్టుకోవడం కూడా ఉంటుంది. "ఇప్పుడే వాడేస్తే రేపు పెద్ద నొప్పికి పనిచెయ్యదు" అని దాచిపెట్టుకోవాల్సిన మందు కాదిది.

మూడోది అసలు వ్యసనం: నొప్పి లేకపోయినా మత్తు కోసం వెంపర్లాడటం, కీడు జరుగుతున్నా ఆపలేకపోవడం. క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా వేళకు తీసుకునేవాళ్ళలో ఇది అరుదు. మునుపు మద్యానికో మత్తుమందులకో బానిసైన మనిషైతే మేం మాత్రలు తక్కువ తక్కువగా ఇచ్చి దగ్గరుండి చూస్తాం. మీ నాన్నగారికి అలాంటిదేమీ లేదని అమ్మగారు చెప్పారు.

ఇళ్ళల్లో తరచూ జరిగేది వేరే. భయంతో "బాగా నొప్పి వస్తేనే ఇద్దాం" అని మాత్ర వాయిదా వేస్తారు. 10కి పడాల్సింది 1 గంటకు పడుతుంది. ఈలోపు ఆయన గడియారం వంకే చూస్తుంటారు, "ఇంకా టైము కాలేదా" అని అడుగుతుంటారు, చివరికి అరుస్తారు. అప్పుడు ఇంట్లో వాళ్ళు "చూశారా, బానిసైపోయాడు" అంటారు. ఆ అడగడానికి కారణం నొప్పి, వాయిదా. నొప్పి ముదిరాక దాన్ని దించడానికి ఎక్కువ మందు పడుతుంది కూడా. వేళకు వేసి చూడండి, రెండు మూడు రోజుల్లో ఆ అడగడం తగ్గిపోతుంది.

ఏం కావచ్చు, దేనికి భయపడాలి

మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, వాడినన్నాళ్ళూ ఉంటుంది. అందుకే బిసకోడిల్ 5 మి.గ్రా. మాత్రలు రోజూ రాత్రి రెండు రాశాం. విరేచనం అయినా సరే ఆపకండి. ఇసబ్‌గోల్ వద్దు. నీళ్ళు సరిగా తాగలేని మనిషికి అది పేగులో ముద్ద కడుతుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే నాలుగో రోజు దాకా చూడకుండా ఫోన్ చెయ్యండి. గట్టిపడ్డ మలం పక్కనుంచి నీళ్ళలా కారితే విరేచనాలనుకుని ఆపే మాత్ర వేసేస్తారు, అది ఇంకా బిగించేస్తుంది. మేం చూసే ఇళ్ళల్లో మార్ఫిన్ ఆగిపోవడానికి వ్యసనం కంటే మలబద్ధకమే పెద్ద కారణం.

వికారం మొదటి మూడు నుంచి ఐదు రోజులు. మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. అన్నానికి అరగంట ముందు మూడు పూటలా. మగతా అంతే, రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. వారాల తరబడి నిద్రలేని మనిషి నొప్పి తగ్గగానే గాఢంగా పడుకోవడం సహజం. పిలిస్తే కళ్ళు తెరిచి జవాబు చెబుతున్నారంటే కంగారు లేదు.

"ఊపిరి ఆగిపోతుందేమో" అన్నది అమ్మగారి భయం. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే అది ఉన్నట్టుండి జరగదు. ముందు మగత ముదురుతుంది, తర్వాతే శ్వాస మందగిస్తుంది. పిలిచినా తట్టినా లేవకపోయినా, పూర్తి నిమిషం లెక్కపెడితే శ్వాస ఎనిమిదికి తగ్గినా తర్వాతి మాత్ర వెయ్యకుండా వెంటనే ఫోన్ చెయ్యండి. మేం దొరకకపోతే 108కి చేసి మార్ఫిన్ వాడుతున్నారని చెప్పండి. కాళ్ళూ చేతులూ ఉలిక్కిపడ్డట్టు కొట్టుకున్నా, లేనివి కనిపిస్తున్నాయన్నా, మూత్రం బాగా తగ్గినా అదే రోజు చెప్పండి. కిడ్నీ మందగిస్తే మార్ఫిన్ తాలూకు పదార్థాలు ఒంట్లో పేరుకుంటాయి, వేళలు మార్చాలి. ప్రస్తుతానికి ఆయన క్రియాటినిన్ మామూలుగానే ఉంది. నిద్రమాత్రలు, మద్యం దగ్గరికి రానివ్వకండి.

మాత్రలు ఎక్కడ దొరుకుతాయి

వీధి చివర మెడికల్ షాపులో దొరకవు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఏళ్ళ తరబడి ఆసుపత్రులు కూడా మార్ఫిన్ పెట్టుకోవడానికి జంకేవి. 2014 సవరణతో గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు దారి సులువైంది. డాక్టరు చీటీతో ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. ఊరికి వెళ్ళేటప్పుడు చీటీ, డిశ్చార్జి కాగితం, డబ్బా కలిపి పట్టుకెళ్ళండి.

మీకు 60 మాత్రలిచ్చాం. రెండు వారాలకు 42, మిగతా 18 అదనపు సగాలకు. అయిపోయాక కాదు, నాలుగు రోజుల ముందే చెప్పండి, ఆదివారం, పండగ చూసుకోండి. డబ్బా బీరువాలో తాళం వేసి ఉంచండి. ఇంట్లో ఆరేళ్ళ బిడ్డ ఉంది, ఆ వయసుకు ఒక్క మాత్రే ప్రమాదం. మిగిలినవి చెత్తలో వెయ్యకండి, ఇంకొకరి నడుంనొప్పికి ఇవ్వకండి, లెక్కపెట్టి మాకు తిరిగివ్వండి.

ఇంట్లో చూసుకోవడం మీకు శక్తికి మించితే మారతహళ్ళి దగ్గర కరుణాశ్రయ ఉంది. ముదిరిన క్యాన్సర్ వాళ్ళను చేర్చుకుంటారు, డబ్బు తీసుకోరు. అక్కడికి తీసుకెళ్తే వదిలేసినట్టు అనుకోకండి.

ఒకటి ముందే చెప్పి ఉంచుతాం. చివరి రోజుల్లో శ్వాస ఎగుడుదిగుడుగా నడుస్తుంది, మధ్యమధ్య ఆగి మళ్ళీ వస్తుంది. మార్ఫిన్ వాడనివాళ్ళకూ అంతే. ఎవరో ఒకరి చేత్తో వేసింది చివరి మాత్ర అవుతుంది. ఆ చేతిది తప్పు కాదు. మింగలేని స్థితి వస్తే చర్మం కింద సన్నటి సూదితో ఇస్తాం, నొప్పికి వదిలెయ్యం.

గురువారం పదకొండింటికి నర్సు వస్తుంది. నోటుబుక్కు, మాత్రల డబ్బా బయట పెట్టి ఉంచండి. ఈలోపు ఏ రాత్రయినా డబ్బా మీద అంటించిన నంబరుకు చెయ్యండి.