తప్పు స్టాటిక్ రూట్ వల్ల కలిగిన నెట్‌వర్క్ అంతరాయం: ఘటనానంతర నివేదిక

2025 ఆగస్టు 12, మంగళవారం రాత్రి 9:04 నుంచి 9:51 వరకు, అంటే 47 నిమిషాల పాటు, హైదరాబాద్ డేటా సెంటర్‌కూ మన 41 మందుల దుకాణాలకూ మధ్య సంబంధం పూర్తిగా తెగిపోయింది. కోర్-1 స్విచ్‌లో నేను చేర్చిన ఒక స్టాటిక్ రూట్ దీనికి కారణం. డేటా ఏదీ పోలేదు కానీ, తెరిచి ఉన్న దుకాణాలన్నింటిలో బిల్లింగ్ ఆగిపోయింది. వరంగల్‌లో ఆసుపత్రి ఎదుట ఉన్న మన దుకాణంలో, ఇన్సులిన్ కోసం వచ్చినవారిని నిలబెట్టి, సిబ్బంది ఒక్కో డబ్బా మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి చేతితో బిల్లు రాయవలసి వచ్చింది. అక్కడ వేచి ఉన్నవారికి కలిగిన ఇబ్బందికి నేను బాధ్యత వహిస్తున్నాను.

ఏం జరిగింది

కరీంనగర్‌లో కొత్తగా తెరిచే దుకాణానికి ఎంపీఎల్ఎస్ లైన్ ఇంకా రాలేదు కాబట్టి, దాన్ని తాత్కాలికంగా బ్రాడ్‌బ్యాండ్ మీద వీపీఎన్ రూటర్ ద్వారా కలపాలని అనుకున్నాం. అందుకు ఆ ఒక్క దుకాణపు నెట్‌వర్క్‌కు మాత్రమే వర్తించే రూట్ కావాలి. నేను మాస్క్‌ను పొరపాటున 255.255.0.0 అని టైపు చేశాను. స్విచ్ దాన్ని తీసుకోలేదు. `%Inconsistent address and mask` అని తిప్పికొట్టింది. ఆ హెచ్చరిక చూసి మాస్క్‌ను సరిచేయవలసింది పోయి, తప్పు అడ్రస్‌లో ఉందనుకుని దాన్నే మార్చాను. రాత్రి 9:04కు స్విచ్‌లోకి వెళ్లిన కమాండ్ ఇది:

```
ip route 10.40.0.0 255.255.0.0 10.10.8.6
```

దుకాణాలన్నింటికీ కలిపి ఇదే 10.40.0.0/16 సమ్మరీ రూట్ వాన్ రూటర్ నుంచి ఓఎస్‌పీఎఫ్ ద్వారా కోర్‌కు వస్తుంది. ప్రిఫిక్స్ ఒకటే అయినప్పుడు, అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 110 ఉన్న ఓఎస్‌పీఎఫ్ రూట్ కంటే 1 ఉన్న స్టాటిక్ రూటే నెగ్గుతుంది. దాంతో అన్ని దుకాణాల ట్రాఫిక్ వీపీఎన్ రూటర్‌కు మళ్లింది. ఆ రూటర్‌కు కరీంనగర్ తప్ప మరో దారి తెలియదు కనుక, తన డిఫాల్ట్ రూట్ ప్రకారం ప్యాకెట్లను మళ్లీ కోర్-1కే పంపింది.

9:05కు కరీంనగర్‌కు పింగ్ చేస్తే జవాబు వచ్చింది. /16లో ఆ దుకాణం కూడా ఉంది కాబట్టి, రూట్ తప్పయినా పరీక్ష నెగ్గింది. నేను దాన్నే నమ్మి కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేశాను. ఈ ఘటన మొత్తంలో అన్నిటికంటే పెద్ద లోపం ఈ పరీక్షేనని నా అభిప్రాయం.

గుర్తించిన తీరు

9:09కు విజయవాడ నుంచి మొదటి ఫోన్ వచ్చింది. 9:15కల్లా ఫోన్లు పన్నెండు అయ్యాయి. మార్పు సమయమని దుకాణాల గ్రూపు మొత్తాన్నీ మెయింటెనెన్స్ మోడ్‌లో ఉంచడంతో, మానిటరింగ్ నుంచి ఒక్క అలర్టూ రాలేదు. అన్ని దుకాణాలూ ఒకేసారి పోయాయి కాబట్టి తప్పు ఎంపీఎల్ఎస్ లైన్‌లోనే ఉంటుందని భావించి, 9:17 నుంచి 9:41 వరకు సర్వీస్ ప్రొవైడర్‌తోనే మాట్లాడుతూ గడిపాం. లైన్‌లో ఏ లోపమూ లేదని వారు తేల్చిన తరువాత, నా సహోద్యోగి ఆ రూట్ చేర్చని రెండో కోర్ స్విచ్ కోర్-2 నుంచి వరంగల్‌కు పింగ్ చేస్తే జవాబు వచ్చింది. అదే కోర్-1 నుంచి ట్రేస్‌రూట్ ఇలా కనిపించింది:

```
1  10.10.8.6
2  10.10.8.1
3  10.10.8.6
4  10.10.8.1
```

రెండు పరికరాల మధ్య ప్యాకెట్లు తిరుగుతున్నాయని ఆ నాలుగు వరుసలే చెప్పాయి. రెండు కోర్‌ల రూటింగ్ టేబుళ్లను పక్కపక్కన పెట్టి చూసి 9:50కు రూట్ తొలగించాం. 9:51కు అన్ని దుకాణాలూ తిరిగి కలిశాయి. సరైన రూట్‌ను 10:20కు, ఇద్దరం చదివి చూసుకున్నాక చేర్చాం. తొలగించడానికీ చేర్చడానికీ వాడిన కమాండ్లు వరుసగా ఇవి:

```
no ip route 10.40.0.0 255.255.0.0 10.10.8.6
ip route 10.40.16.0 255.255.255.0 10.10.8.6
```

చేతితో రాసిన బిల్లులను దుకాణాల సిబ్బంది మరుసటి ఉదయం సిస్టమ్‌లోకి ఎక్కించారు.

దిద్దుబాట్లు

ఇకపై కోర్ స్విచ్‌లలో ఏ రూటింగ్ మార్పునైనా ముందు కాన్ఫిగరేషన్ ఆర్కైవ్‌ను సిద్ధం చేసుకుని, `configure terminal revert timer 5` తోనే మొదలుపెడతాం. ఐదు నిమిషాల్లో `configure confirm` ఇవ్వకపోతే స్విచ్ దానంతట అదే పాత స్థితికి వెళ్తుంది. ఆ రాత్రి ఈ ఏర్పాటు ఉండి, పాత దుకాణాలను కూడా పరీక్షించి ఉంటే, అంతరాయం ఐదు నిమిషాలతో ముగిసేది. ఇది ఆగస్టు 14 నుంచి అమలులో ఉంది.

మార్పు తరువాతి పరీక్షలో కొత్త దుకాణంతో పాటు కనీసం రెండు పాత దుకాణాలకు పింగ్ చేయడం, మార్పుకు ముందూ తరువాతా రూటింగ్ టేబుల్‌ను పోల్చడం తప్పనిసరి చేశాం. స్విచ్ ఏ కమాండ్‌నైనా తిప్పికొడితే అక్కడితో ఆగి, రెండో ఇంజినీరు చూశాకే ముందుకు వెళ్లాలి. మెయింటెనెన్స్ మోడ్‌లో ఇక మారుస్తున్న పరికరాన్ని మాత్రమే ఉంచుతాం.

కరీంనగర్‌కు ఎంపీఎల్ఎస్ లైన్ ఆగస్టు 29న రావలసి ఉంది. అది పనిచేయడం మొదలైన రోజే ఈ స్టాటిక్ రూట్‌ను నేనే తొలగించి, టికెట్‌ను మూసివేస్తాను.