రాత్రి ఒకటిన్నరకి నువ్వు రాసింది చదివాక

చెల్లీ, నువ్వు ఇరవై ఆరు అని రాశావ్ కాబట్టి చెల్లీ అనే అంటున్నా, ఇబ్బందిగా ఉంటే చెప్పు మానేస్తా. మాది గుంటూరు. పగలంతా షాపులో నిలబడి, రాత్రంతా పక్షవాతంతో మంచాన పడ్డ నాన్నని చూసుకుంటూ అలసిపోయానని నువ్వు రాసింది మొత్తం చదివా, మధ్యలో ఆపి మళ్లీ మొదట్నుంచి చదివా, ఎందుకంటే నువ్వు పెద్ద పెద్ద విషయాలన్నీ ఒక్కో ముక్కలో తేల్చేసి చివర్లో "సారీ ఊరికే వాగాను" అని పెట్టావ్. ఊరికే వాగడం ఏముంది అందులో?

అన్నిటికంటే ముందు ఒకటి అడుగుతా, కోప్పడకు. "పొద్దున్న లేవకపోతే ఎంత బావుండు అనిపిస్తుంది" అని రాశావు కదా, అది అలసిపోయి అన్న మాటా, లేక నిజంగానే చచ్చిపోవాలని అనిపిస్తోందా? డొంకతిరుగుడు లేకుండా అడిగేస్తున్నా, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్లు ఈ మాట వినపడనట్టు నటిస్తారు, విన్నా "ఛ అలా అనకూడదు" అని నోరు మూయించేస్తారు. నువ్వు అవునన్నా నేను హడలిపోను, లెక్చర్ ఇవ్వను. కానీ ఆ ఆలోచన ఇప్పుడు గట్టిగా వస్తుంటే మాత్రం ఇది చదవడం ఆపేసి అమ్మని లేపు, పాపం నిద్రపోతోంది అనుకోకు, లేపు. ఆ గదిలో ఒక్కదానివే ఉండొద్దు, నాన్న మందుల డబ్బా కూడా ఈ రాత్రికి అమ్మ దగ్గర పెట్టించు. ఇక ఆగలేను అనిపిస్తే 112కో 108కో కొట్టు.

అంత దూరం కాదు, లోపల బరువుగా ఉంది అంతే అంటే అప్పుడు కూడా ఒక నంబర్ ఉంది, 14416, టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. "ఏం చెప్పాలో తెలీదు" అనుకుంటావేమో, ఇక్కడ రాసిందే చదివి వినిపించినా చాలు. నచ్చకపోతే పెట్టేయ్, మళ్లీ ఎప్పుడన్నా ఇంకొకళ్లతో మాట్లాడి చూడు, అందరు కౌన్సిలర్లూ అందరికీ సెట్ అవ్వరు. ఇంట్లో రెండు గదులే, మాట్లాడితే వినపడుద్ది అన్నావ్ కదా, బాత్రూంలో ట్యాప్ తిప్పుకుని ఏడుస్తున్నా అని కూడా రాశావ్, మేడ మీదకెళ్లి మాట్లాడొచ్చేమో చూడు, లేదంటే రేపు షాపుకి వెళ్లే దారిలో అయినా సరే.

ఇక నీ రోజు సంగతి. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి, కస్టమర్ లేకపోయినా కూర్చోకూడదు, ఇంటికొచ్చి నాన్నకి అన్నం, మందులు, మళ్లీ రాత్రంతా రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి ఆయన్ని పక్కకి తిప్పడం. పుండ్లు పడకుండా అలా తిప్పాల్సిందే, అది నిజమే, మా అత్తగారు మంచాన పడ్డప్పుడు నేనూ చేశా. హాస్పిటల్లో ఆ పని నర్సులు షిఫ్టులు మారి చేస్తారు, నీకేమో షిఫ్టు మారేవాళ్లు లేరు. ఇలా ముక్కలు ముక్కలుగా పడుకుంటే ఎంత గట్టి మనిషికైనా రాత్రి ఒంటిగంటకి లోకం మొత్తం అయిపోయినట్టే అనిపిస్తుంది. నువ్వు "నేను ఎందుకింత వీక్ అయిపోయా" అని రాసిన చోట నాకు కోపం వచ్చింది, నీ మీద కాదులే, హైదరాబాద్ నుంచి వీడియో కాల్ చేసి "నాన్నని జాగ్రత్తగా చూసుకోవే" అని చెప్పి పెట్టేసే మీ అన్నయ్య మీద. ఆ సలహా ఖరీదు ఎంతో ఆయనకి ఎవరైనా చెప్పాలి, కానీ అది ఇంకో రోజు చూద్దాం, ఇవాళ నీకు ఆ గొడవ కూడా పెట్టను.

నాన్న మీద విసుక్కుని తర్వాత కుమిలిపోయా అన్నావ్. మంచాన ఉన్నవాళ్లని చూసుకునే ప్రతివాళ్లూ ఏదో ఒక రాత్రి విసుక్కుంటారమ్మా, బయటికి చెప్పరు అంతే. బుడమేరు నీళ్లొచ్చి సింగ్‌నగర్లో మీ ఇల్లు మునిగిందన్నావ్, 2024 సెప్టెంబర్లో, ఆ బురద కడుక్కుని, పోయిన సామాన్లు మళ్లీ ఒక్కోటి కొనుక్కుంటుండగానే నాన్నకి పక్షవాతం. మధ్యలో నువ్వు ఊపిరి తీసుకున్నదెప్పుడు అసలు?

డాక్టర్ దగ్గరికెళ్లాలా అని నువ్వే అడిగి, మళ్లీ నువ్వే "పిచ్చి అనుకుంటారు" అని జవాబు రాసేసుకున్నావ్. మన చుట్టాల్లో ఇంకా సైకియాట్రిస్ట్ అంటే వైజాగ్ పిచ్చాసుపత్రే అనుకునేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ విజయవాడ పెద్దాసుపత్రిలోనే సైకియాట్రీ ఓపీ ఉంది, ఓపీ చీటీ రాయించుకుని వెళ్లడమే, క్యూ ఉంటుంది, డాక్టర్ అరగంట కూర్చుని కథంతా వింటారని నేను చెప్పను. నేను గుంటూర్లో ఒకసారి వెళ్లినప్పుడు ముందు అడిగింది నిద్ర గురించీ ఆకలి గురించీ, తర్వాత థైరాయిడ్, బ్లడ్ టెస్టులు రాశారు. మందులు రాసినా రాయొచ్చు, రాయకపోనూ వచ్చు. రాస్తే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, రెండ్రోజులకే ఏం తేడా లేదని ఆపేయొద్దు, డాక్టర్‌ని అడక్కుండా ఆపొద్దు. నీ విషయం నిన్ను అడక్కుండా బయటవాళ్లకి చెప్పకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, ప్రాణం మీదకొచ్చే పరిస్థితి అయితే తప్ప.

ఇంకోటి, ఇది మనసు సంగతి కాదు డబ్బుల సంగతి, కానీ నీ ఏడుపులో సగం అదే కదా. నాన్నకి పెన్షన్‌కి పెట్టారా? పక్షవాతంతో మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవాళ్లకి మన ఎన్టీఆర్ భరోసాలో 2024 నుంచి నెలకి 15,000 ఉంది. డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, వెరిఫికేషన్లు ఉంటాయి, తిప్పుతారు, టైమ్ పడుద్ది, వస్తుందని నేను గ్యారంటీ ఇవ్వలేను. మీ వార్డు సచివాలయంలో అడిగితే ఏమేం కాగితాలు కావాలో చెప్తారు. ఈ తిరుగుడు నువ్వు పెట్టుకోకు, అన్నయ్యకి అప్పజెప్పు, ఒక్క వారం సెలవు పెట్టుకుని వచ్చి చెయ్యమను. నీకు సాయం కావాలి అని అడిగితే దాటేస్తాడేమో గానీ ఫలానా పని, ఫలానా వారం అని చెప్తే తప్పించుకోవడం కష్టం.

కౌంటర్లో నీ పక్కన ఉండే అక్క టిఫిన్ బాక్సులో నీక్కూడా పెట్టి తెస్తుందని రాశావ్ చూడూ, ఆవిడకి తెలుసా ఇదంతా? మొత్తం చెప్పక్కర్లేదు, "అక్కా నాకు ఈమధ్య అస్సలు బాలేదు" అను చాలు, మిగతాది ఆవిడే అడుగుద్ది. బుధవారం నీకు ఆఫ్ కదా, ఓపీకి ఆవిణ్ణి తోడు రమ్మను. నన్ను నమ్మి రమ్మనడం లేదు, నేనెవరో నీకు తెలీదు, మొహం తెలిసిన మనిషితో వెళ్లడమే మంచిది.

ఇవన్నీ చెయ్యాల్సిందే అని కాదు, నీకు కుదిరింది ఒక్కటి చూడు, ఏదీ కుదరకపోతే ఊరికే తిట్టుకోవడానికైనా నాకు రాయి, వింటా. కానీ పైన అడిగిన మొదటి ప్రశ్నకి మాత్రం జవాబు పెట్టు, అవును కాదు అని ఒక్క ముక్క అయినా. ఇంకో గంట మేలుకునే ఉంటా.