కొత్త సెక్రటరీకి అప్పగింత ఉత్తరం: మినిట్స్ బుక్కులు, మిగతా రికార్డులు

చెల్లీ,

మొన్న మన నాటక సంఘం సర్వసభ్య సమావేశంలో సెక్రటరీగా నీ పేరు ప్రతిపాదించగానే నువ్వు నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆరేళ్ల కిందట నేనూ పాత సెక్రటరీ గారి వైపు అలాగే చూశాను. ఆయన నా చేతిలో ఓ గుడ్డ సంచి పెట్టి, "అన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా, చూసుకో" అని వెళ్లిపోయారు. సంచిలో పుస్తకాలు, కాగితాలు, అడుగున ఓ ఇత్తడి తాళంచెవి. అది దేని తాళంచెవో తెలుసుకోడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. నీకా తిప్పలు ఉండకూడదని ఈ ఉత్తరం. దీనికి రెండు కాపీలు తీశాను. రెండింటి మీదా నువ్వూ నేనూ సంతకాలు పెడదాం, ప్రెసిడెంట్ గారు సాక్షి సంతకం పెడతారు. ఒకటి నీ ఫైల్లో ఉంటుంది, ఒకటి నా దగ్గర.

ముందు అసలైనవి. మినిట్స్ బుక్కులు మూడు. నల్ల అట్టది మొదటిది, 192 పేజీలు, నిండిపోయింది. ఎర్ర అట్టది రెండోది, 200 పేజీలు, అదీ నిండింది. ఆకుపచ్చ అట్టది ఇప్పుడు నడుస్తున్నది, మొత్తం 240 పేజీలు, 131 దాకా నేను రాశాను, 132 నుంచి నీది. రెండో పుస్తకంలో 57, 58 పేజీలున్న ఆకు లేదు. నేను చించలేదు, నాకు అందేటప్పటికే లేదు. అది గమనించిన రోజే లోపలి అట్ట మీద "57, 58 పేజీలు లేకుండా అందినది" అని రాసి అప్పటి ప్రెసిడెంట్ గారి చేత సంతకం పెట్టించుకున్నాను. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఈపాటికి ఆ ఆకు నా మెడకే చుట్టుకునేది. కాబట్టి మొహమాటం వద్దు, నా ఎదురుగానే కూర్చుని మూడు పుస్తకాలూ పేజీ పేజీ లెక్కపెట్టుకుని అప్పుడు సంతకం పెట్టు. నేనేం అనుకోను. లెక్కపెట్టకపోతేనే అనుకుంటాను.

ఆకుపచ్చ పుస్తకంలో 122 నుంచి 125 వరకు పాత కార్యవర్గం ఆఖరి మీటింగు. వాటి మీద సంతకం లేదని కంగారు పడకు, వచ్చే కార్యవర్గ మీటింగులో నువ్వు చదివి వినిపించాక, అందరూ సరేనన్నాక ప్రెసిడెంట్ గారు పెడతారు. 126 నుంచి 131 వరకు మొన్నటి సర్వసభ్య సమావేశం. వాటిని మాత్రం కార్యవర్గం చేత ఆమోదింపజేయకు, సర్వసభ్య సమావేశపు మినిట్స్‌ని ఆమోదించాల్సింది మళ్లీ సర్వసభ్య సమావేశమే, అంటే ఏడాది ఆగాలి. ఏడాదయ్యాక ఎవరికేం గుర్తుంటుంది చెప్పు! అందుకే ఇప్పుడే ఓ కాపీ తీసి ప్రెసిడెంట్ గారికిచ్చాను, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే చూసి తప్పులుంటే చెప్పమన్నాను. ఆయన ఇంకా చూడలేదు. వెంటపడు.

ఇక ఇదే ఆకుపచ్చ పుస్తకంలో 43వ పేజీ సంగతి. ఎవరో ఒకరు నీకు చెప్తారు, వాళ్లకంటే ముందు నేనే చెప్తా. రెండేళ్ల కిందట ఇంకో నాటక బృందం వాళ్లు మన స్టేజీ లైట్లు కొన్నాళ్లు వాడుకుంటామని అడిగారు. మీటింగులో అందరం ఒప్పుకున్నాం. నేను ఇంటికెళ్లి, అలసిపోయి, మర్నాడు రాద్దామని పడుకుని, చివరికి పది రోజుల తర్వాత రాశాను: "లైట్లు ఇద్దామని అందరూ అనుకున్నారు." అంతే. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎన్ని లైట్లు, ఎప్పటిదాకా, పాడైతే ఎవరిది పూచీ, ఏదీ లేదు. ఎనిమిది నెలలకి లైట్లు తిరిగొచ్చాయి, రెండు పగిలిపోయి. బాగు చేయించే ఖర్చు వాళ్లదేనని మన ట్రెజరర్ గారు, అలాంటి షరతే పెట్టలేదని ఇంకో సభ్యుడు. మీటింగులో ఉన్న ఏడుగురికీ ఏడు రకాలుగా గుర్తుంది. అప్పుడు అందరూ నావైపు తిరిగి "బుక్కు తీయండి" అన్నారు. తీశాను. ఆ వాక్యాన్ని నేనే పైకి చదవాల్సి వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

మీటింగయ్యాక ఒకాయన నన్ను పక్కకి పిలిచి, ఆ పేజీలో అడుగున ఒక్క వరస ఖాళీ ఉంది కదా, "పాడైతే వారే బాధ్యులు" అని చేర్చేస్తే గొడవ వదిలిపోతుంది, పెన్ను రంగు కూడా అదేగా అన్నారు. నిజం చెప్పొద్దూ, ఓ నిమిషం ఆలోచించాను. కానీ ఆ పేజీ మీద అప్పటికే ప్రెసిడెంట్ గారి సంతకం ఉంది. సంతకం పడ్డాక అది నా రాత కాదు, సంఘం మాట. చేర్చలేదు. బదులుగా తర్వాతి మీటింగులో దాన్నొక అంశంగా పెట్టి, 43వ పేజీ తీర్మానంలో షరతులు రాయలేదని ఒప్పుకుంటూ, ఇకమీద సామాను ఎవరికిచ్చినా రాతపూర్వకంగా షరతులు ఉండాలని కొత్త తీర్మానం చేయించాను, 61వ పేజీ చూడు. లైట్ల ఖర్చు మాత్రం మనమే పెట్టుకున్నాం.

అప్పట్నుంచీ నా పద్ధతి మారింది. మీటింగైన రాత్రే రాస్తాను, అన్నం తిన్నాక, ఫోను పక్కన పెట్టి. "అనుకున్నారు", "చర్చించారు" అని వదిలేయను. ఏం తీర్మానించారు, ఎవరు చేయాలి, ఏ తేదీకి, ఈ మూడూ ఉంటే చాలు. ఎవరు ఎంత గట్టిగా మాట్లాడారో అక్కర్లేదు. "నా మాట మినిట్స్‌లో రాయండి" అని బల్ల గుద్దేవాళ్లు ఇద్దరున్నారు, నీకూ తెలుసు. అలాంటప్పుడు "ఫలానావారు అసమ్మతి తెలిపారు" అని రాస్తే సరిపోతుంది, ఉపన్యాసమంతా ఎక్కించనక్కర్లేదు. చిత్తు నోట్సు మాత్రం మినిట్స్ ఆమోదం అయ్యేదాకా ఉంచు, ఆ తర్వాత చించెయ్. కోపంలో ఎవరేమన్నారో అంతా దాంట్లోనే ఉంటుంది, అది బయట తిరగకూడదు. ఇంకా ఆమోదం కాని ఈ రెండు మీటింగుల చిత్తు నోట్సు కవర్లో పెట్టి ఇస్తున్నాను, మిగతావన్నీ ఎప్పుడో చించేశాను.

రాతలో తప్పు పోతే ఒక్క గీత కొట్టు, కింద ఉన్నది చదవడానికి వీలుగా. పక్కన సరైనది రాసి నువ్వూ ప్రెసిడెంట్ గారూ పొట్టి సంతకాలు పెట్టండి. వైట్‌నర్ జోలికి పోవద్దు. 19వ పేజీలో నేను పూశాను, కొత్తలో, తెలియక. దాని కింద ఉన్నది తప్పు తేదీ మాత్రమే, కానీ ఈ ఆరేళ్లలో ముగ్గురు ఆ తెల్ల మచ్చని గోటితో గీకి చూడటం నేనే చూశాను. 77వ పేజీలో అక్షరాలు అలుక్కుపోయాయి, వానాకాలంలో గది కప్పు కారింది, నేను వాడింది జెల్ పెన్ను. ఆ పేజీని మళ్లీ టైపు చేయించి, సంతకాలు పెట్టించి ఎదురు పేజీకి అంటించాం, సంతకం సగం కాగితం మీద సగం పుస్తకం మీద పడేలా.

కోరం సంగతి మర్చిపోకు. మన కార్యవర్గం 9 మంది, నియమావళి ప్రకారం 5 ఉండాలి. మొదట్లో ఆరుగురుండి, మధ్యలో ఇద్దరు లేచి వెళ్లిపోతే ఆ తర్వాత చేసిన తీర్మానం చెల్లదు, కాబట్టి ఎవరు ఎన్నింటికి వెళ్లారో టైము రాయి. సర్వసభ్య సమావేశానికి 14 పూర్తి రోజుల నోటీసు. నోటీసు పంపిన రోజు, సమావేశం రోజు లెక్కలోకి రావు. 1వ తేదీన పంపితే 16 కంటే ముందు పెట్టడానికి లేదు.

నియమావళి కాపీలు రెండున్నాయి. నీలం కవర్లో ఉన్నదే ఇప్పుడు అమల్లో ఉన్నది. రెండోది సవరణలకు ముందుది, దాని మీద పెద్దక్షరాలతో "పాతది" అని రాశాను. పారెయ్యకు, పాత తీర్మానాలు అర్థం కావాలంటే అది కావాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అసలుది ప్లాస్టిక్ కవర్లో ఉంది, ఎవరడిగినా జిరాక్సే ఇవ్వు. ఆడిట్ అయిన లెక్కలు ట్రెజరర్ గారి దగ్గర, నా దగ్గరున్నవి కాపీలు. ఉత్తరాల ఫైళ్లు రెండు, వచ్చినవి ఒకటి, పంపినవి ఒకటి. రబ్బరు స్టాంపు, ప్యాడ్ ఉన్నాయి, ప్యాడ్ ఎండిపోయింది.

సభ్యుల రిజిస్టర్‌లో 64 మంది, 11 మంది చందా బాకీ. దాంట్లో అందరి ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉన్నాయి. "పెళ్లి కార్డులు పంపుకోవాలి, లిస్టు పంపవా" అని అడుగుతారు. పంపకు. నేను ఒకసారి పంపి చాలామంది చేత తిట్లు తిన్నాను.

బ్యాంకుకి సంతకాల మార్పు తీర్మానం కాపీ కావాలి, మొదటి కార్యవర్గ మీటింగులోనే ఆ అంశం పెట్టు. ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం పెట్టినా చెక్కు చెల్లుతుంది కాబట్టి అందాకా ప్రెసిడెంట్, ట్రెజరర్ గార్లు చూసుకుంటారు. ఇవాళ్టి నుంచి నేను ఏ చెక్కు మీదా సంతకం పెట్టను. సంఘం ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇక్కడ రాయడం లేదు, ఎదురుగా చెప్తాను. వెంటనే మార్చుకో, రికవరీ నంబర్ నాది ఉంది, అదీ తీసెయ్.

తెమలని పనులు మూడు. హాలు వాళ్లకి 10వ తేదీలోగా జవాబివ్వాలి. సర్వసభ్య సమావేశం అయిన మర్నాడే ఒక కార్యవర్గ సభ్యురాలు రాజీనామా ఉత్తరం పంపారు, తెరిచి చదివాను గానీ మీటింగులో పెట్టలేదు, అది కొత్త కార్యవర్గం ముందుకు రావాలి. ఆవిడతో ఒకసారి నువ్వే మాట్లాడు, కోపం నామీదో సంఘం మీదో నాకు తెలియలేదు. మూడోది, రెండు స్క్రిప్టులు ఒక సభ్యుడి దగ్గర పద్నాలుగు నెలలుగా ఉన్నాయి, ఆయన సంతకం అరువు పుస్తకంలో ఉంది.

తాళంచెవులు మూడు. పెద్దది బీరువాది, పసుపు దారం కట్టింది టేబులు సొరుగుది. ఇత్తడిది మాత్రం మేకప్ పెట్టెది. ఆ పెట్టె నేను రాకముందే పోయింది! తాళంచెవి సామాను జాబితాలో ఉంది కాబట్టి నాకిచ్చారు, జాబితాలో ఉంది కాబట్టి నీకిస్తున్నాను. తీసెయ్యాలంటే తీర్మానం చేయాలి, నాకు ఆరేళ్లలో తీరలేదు.

ఆదివారం పొద్దున పదింటికి సంఘం గదికి రా, ప్రెసిడెంట్ గారిని కూడా రమ్మన్నాను. పేజీలు లెక్కపెట్టడానికే గంట పడుతుంది. బాల్ పెన్ను తెచ్చుకో, జెల్ పెన్ను వద్దు.

నీ అక్క,
(ఆదివారం దాకా) సెక్రటరీ