గౌరి పాళి

కాశీనగర్ దాటాక రైలు ఆగిపోయింది. ముందు ఎక్కడో పట్టాల మీద చెట్టు పడిందట. డ్రాయింగ్ మాస్టారు పిల్లల్ని కదలొద్దని చెప్పి, గొడుగు వేసుకుని గార్డుతో మాట్లాడడానికి వెళ్లారు. కిటికీ ఊచల మీంచి వాన జల్లు లోపలికి కొడుతోంది.

పిల్లలు ఆరుగురు. గుణుపురంలో బొమ్మల పోటీకి వెళ్లి పర్లాకిమిడి తిరిగి వస్తున్నారు. పొద్దున బిక్రమ్ వాళ్ల అత్త పెట్టిన పఖాళ తిన్నారంతే. చద్దన్నం ఎంత తిన్నా మధ్యాహ్నానికి అరిగిపోతుంది. లక్ష్మణ్ పొట్ట పట్టుకుని సీటు మీద ముడుచుకుని పడుకున్నాడు. వాడిది గుమ్మ వైపు కొండల మీద సవరల ఊరు. పర్లాకిమిడి హాస్టల్లో ఉండి చదువుకుంటాడు. ఆకలేస్తోందని నోరు తెరిచి చెప్పే పిల్లవాడు కాదు.

"మా తాత చిన్నప్పుడు ఇక్కడ చిన్న రైలు ఉండేదట," అన్నాడు సూరిబాబు, ఆకలి మీంచి ధ్యాస మళ్లించాలని. "1900లో మన రాజావారు నౌపడా దాకా వేయించారు. 1931కి గుణుపురం వచ్చింది. ఎంత మెల్లగా పోయేదంటే, దిగి జామకాయ కోసుకుని మళ్లీ ఎక్కేవారంట."

"జామకాయ మాట ఎత్తకురా," అంది రష్మిత.

అప్పుడు గుర్తొచ్చింది సూరిబాబుకి. మొన్న తన పుట్టినరోజు. క్లాసులో పంచగా మిగిలిన చాక్లెట్లు సంచి అడుగున ఉండాలి. రంగు పెన్సిళ్లు, తడి తువ్వాలు తీసి పక్కన పెట్టి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. కవరు గలగలమంది. ఆ చప్పుడుకి లక్ష్మణ్ కూడా లేచి కూర్చున్నాడు.

సీటు మీద బోర్లించి లెక్కపెట్టారు. మామిడివి నాలుగు, కాఫీవి మూడు, నారింజవి మూడు. బంగారు కాగితం చుట్టిన పెద్ద పాల చాక్లెట్టు ఒక్కటే. మొత్తం పదకొండు.

"మో పాళి!" అంటూ బిక్రమ్ చెయ్యి చాపాడు.

ధర్మా ఆ చేతిని పక్కకి తోసేశాడు. "నీ పాలేట్రా? అందరికీ పాలుంది. బంగారందే నీ పాలంటే ఊరుకుంటామేటి?"

ధర్మా, వాడి చెల్లెలు గౌరి ఈ జూన్‌లోనే టెక్కలి నుంచి వచ్చారు. వాళ్లకి ఒడియా ఇంకా రాదు. బిక్రమ్ అన్నది వేరు, ధర్మాకి వినబడింది వేరు. ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. ఒక నారింజ చాక్లెట్టు దొర్లి సీటు కిందికి పోతే లక్ష్మణ్ పాకి తీసుకొచ్చి, తుడిచి, మళ్లీ కుప్పలో పెట్టాడు. ఆకలితో ఉండి కూడా కుప్పలోనే పెట్టాడు. నాకు ఈ కథలో ఆ పిల్లవాడంటే చాలా ఇష్టం.

"ఒరే, ఆగండ్రా!" సూరిబాబు ఇద్దరి మధ్యా దూరాడు. "ధర్మా, పాళి అంటే ఒడియాలో వంతు. ముందు తన వంతు అన్నాడు, అంతే. బిక్రమ్, వీడు పాలంటే వాటా. బంగారం చాక్లెట్టు నీ వాటా అంటున్నావనుకున్నాడు."

ఇద్దరూ కాలర్లు వదిలారు. కానీ సూరిబాబు మాత్రం ఆ రెండు మాటలూ నోట్లో తిప్పుకుంటూ ఉండిపోయాడు. పాలు, పాళి. ఎవరికెన్ని రావాలన్నది ఒక గొడవ, ఎవరు ముందన్నది ఇంకో గొడవ. ఆరుగురు తలా ఒకటి తీసుకుంటే అయిదు మిగులుతాయి. అంటే ఒకరికి ఒక్కటే వస్తుంది. ఆ ఒకరూ ఎవరు?

"వరసలో నిలబడదాం," అన్నాడు. "మొదటి తడవ ముందు నుంచి వెనక్కి. రెండో తడవ వెనక నుంచి ముందుకి. ముందున్నవాళ్లు నచ్చింది ఏరుకుంటారు, వాళ్లకి రెండోది ఉండదు. పంచేవాడు ఆఖరున తినాలని మా నాయనమ్మ అంటాది. నేను ఆఖరున ఉంటాను."

రష్మిత వేళ్లు మడిచి లెక్క చూసింది. "ఆఖరున ఉంటే నీకు వెంట వెంటనే రెండు వస్తాయి కదరా. మంచివాడివే!"

సూరిబాబు మొహం ఎర్రబడింది. వాడికి నిజంగా ఆ సంగతి తట్టలేదు. నాయనమ్మ మాట ఒక్క తడవకే సరిపోతుందని, తడవ తిరగబడితే ఆఖరే మంచి చోటు అవుతుందని అప్పుడే తెలిసింది. మిగతా వాళ్లకీ తెలిసింది. ఇంతసేపూ ముందు నేనంటే నేనన్న బిక్రమ్, ధర్మా ఇద్దరూ ఇప్పుడు వెనక్కి జరగడం మొదలుపెట్టారు.

"అయితే ఎవరి చోటు వాళ్లు ఎంచుకోకూడదు," అన్నాడు సూరిబాబు. "నేను కూడా. పంటలు వేసుకుందాం."

చేతులు కలిపి ఊపబోతుంటే గౌరి అంది, "నేను ముందు ఉంటాను. నాకు బంగారం కాగితంది కావాల."

"పిచ్చిదానా, ఒక్కటే వస్తాది నీకు," అన్నాడు ధర్మా.

"తెలుసు."

నాలుగో క్లాసు పిల్ల. అందరికంటే చిన్నది. ఆ మాట అని, ఎక్కడ వద్దంటారో అని సూరిబాబు వైపు చూస్తూ నిలబడింది. వాడు కాసేపు ఏమీ అనలేదు. తరువాత తన డ్రాయింగ్ షీటు వెనక్కి తిప్పి, ఎర్ర క్రేయాన్‌తో పైన గౌరి పేరు రాసి దాని కింద గీత గీశాడు.

"సరే. కానీ చాక్లెట్లు అయిపోయినా వంతు అయిపోదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలవుతాది. మళ్లీ ఏ తిండి వచ్చినా ముందు గౌరికే. అది తీసుకున్నాకే మిగతా వాళ్లం."

"ఏ తిండైనానా?" అడిగాడు బిక్రమ్.

"ఏదైనా."

మిగిలిన అయిదుగురూ పంటలు వేసుకున్నారు. ముందు పండినవాళ్లు వెనక్కి. మొదట లక్ష్మణ్ పండాడు, ఆఖరి చోటు వాడికొచ్చింది. సూరిబాబుకి గౌరి తరువాతి చోటు. పేర్లన్నీ వరసగా కాగితం మీదికెక్కాయి. మొదటిది నోట్లో పూర్తిగా కరిగేదాకా రెండో తడవ మొదలుపెట్టకూడదని రష్మిత ఇంకో మాట చేర్చింది. ఆ మాట చాలా పనిచేసింది. కరకర నమలకుండా అందరూ బుగ్గన పెట్టుకుని చప్పరిస్తుంటే, ఒక్కో చాక్లెట్టు ఎంతసేపు వచ్చిందో!

రెండో తడవ లక్ష్మణ్ కాఫీది తీసుకున్నాడు. చొక్కా అంచు దాని మీద కప్పి, కాకి ఎంగిలి చేసి, సగం ముక్క గౌరి ముందు పెట్టాడు.

గౌరి తల అడ్డంగా ఊపింది. "వద్దు. కాయితం మీద నా పేరుంది."

చీకటి పడుతుండగా రైలు కదిలింది. పర్లాకిమిడి ప్లాట్‌ఫాం మీద అందరి ఇళ్లవాళ్లూ గొడుగులతో నిలబడి ఉన్నారు. హాస్టల్ నుంచి లక్ష్మణ్ కోసం వంటమనిషి వచ్చాడు. బిక్రమ్ వాళ్ల అమ్మ స్టీలు డబ్బా మూత తీసింది. నిండా మూఢి, మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వేయించిన పల్లీలు. ఆవనూనె వాసన గుప్పున కొట్టింది. అయిదు చేతులు ఒక్కసారి ముందుకి వచ్చి, ఒక్కసారే ఆగిపోయాయి.

సూరిబాబు సంచిలోంచి కాగితం తీయబోయాడు. ఆ అవసరం రాలేదు. బిక్రమ్ అమ్మ చేతిలోంచి డబ్బా అందుకుని, వెనక నిలబడ్డ గౌరి ముందు పెట్టాడు.

"తో పాళి," అన్నాడు.

ఆ మాటకి ఈసారి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. గౌరి రెండు చేతులూ డబ్బాలోకి పెట్టింది.