జమ్మి ఆకు, ఏడుగురికి

అరేయ్, ఓయ్, అందరూ ఉన్నారా?

పొద్దున్నుంచి గ్రూపులో దుర్గమ్మ బొమ్మలు పదకొండు వచ్చాయి. అందులో మూడు ఒకే బొమ్మ. నేను ఒక్కదానికీ దండం ఎమోజీ కొట్టలేదు, చూసే ఉంటారు. జమ్మి చేతిలో పెట్టకుండా దసరా ఏంది? ఊరందరికీ కలిపి ఒక కుప్ప పోసి పోతే చెల్లదు కదా. ఎదురైన ప్రతి మనిషి చేతిలో నాలుగు ఆకులు పెట్టి, బంగారం అని చెప్పి, అలాయ్ బలాయ్ తీసుకుంటేనే లెక్క.

అందుకే సాయంత్రం కాలనీ జమ్మికి కాస్త ముందే వెళ్లాను. చెట్టంటే చెట్టు కాదు, సిమెంటు రింగులో పాతిన కొమ్మ. నేను పోయేసరికే పిల్లలు సగం దూసేశారు. అడుగున ఉన్న రెమ్మలు ఏడు తెంపుకొచ్చి, పేపరు పరిచి, పక్కన చీటీల మీద మీ పేర్లు రాసి ఫొటో తీశాను. మెసేజ్ ఒక్కటే, రెమ్మలు ఏడు. ఎవరిది వాళ్లు తీసుకోండి. పక్కవాడిది కూడా చదువుతారని తెలుసు, చదవండి.

సలీం, ముందు నీకే. జమ్మి దగ్గరికి మా అందరికంటే ముందు చేరేది నువ్వే. మా అమ్మ గారెల కోసమని అనుకునేవాళ్లం, నువ్వు కూడా కాదనలేదు. మొన్న నువ్వు పెట్టిన ఫొటోలో, షార్జా రోడ్డు పక్కన నీ కారు నీడకి పెట్టుకున్న చెట్టు ఉంది చూడు, దాన్ని జూమ్ చేసి పది నిమిషాలు చూశాను. గాఫ్ అంటారని రాశావు. అరే, అది జమ్మే! ప్రోసోపిస్ సినరేరియా. మన తెలంగాణ రాష్ట్ర వృక్షం, మీ ఎమిరేట్స్ జాతీయ వృక్షం, రెండూ ఒకటే. బాటనీ రికార్డులో నీ బొమ్మలన్నీ నేను గీసిచ్చినందుకు వచ్చిన ఫలితం ఇది, పన్నెండేళ్లుగా జమ్మి కింద కారు పెడుతూ గుర్తుపట్టలేదు. నీకు ఆకు పంపాల్సిన పనే లేదు. రేపు డ్యూటీకి పోయేటప్పుడు కింద రాలినవి నాలుగు ఏరుకుని (తెంపకు, ఫైన్ వేస్తారేమో) నీ రూమ్మేట్ చేతిలో పెట్టు. ఎందుకని అడిగితే వరంగల్ కథ మొత్తం చెప్పు.

మహేందర్, నీ చుట్టూ అయితే అవే చెట్లు. రాజస్థానోళ్లు ఖేజ్డీ అంటారు. నువ్వు మెస్సులో తింటున్నానని చెప్పిన సాంగ్రీ కూర ఉంది కదా, అది ఆ చెట్టు కాయే. 1730లో ఆ చెట్లు నరకనివ్వబోమని 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చిన ఖేజర్లీ మీ జోధ్‌పూర్‌కి దగ్గరే. తీరిక దొరికితే ఒకసారి వెళ్లి మొక్కి రా. నీ సెలవు మళ్లీ క్యాన్సిల్ అయిందని బాపు చెప్పాడు. ఆయన చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కాను. నీ వాటా దీవెన కూడా నేనే తీసుకున్నా, వచ్చినప్పుడు ఇచ్చేస్తా.

రజితా, నీ బతుకమ్మ వీడియో నాలుగుసార్లు చూశాను. తంగేడు లేదు, గునుగు లేదు, డాలస్ స్టోర్లో కొన్న చామంతులతో మోకాలెత్తు పేర్చావు. ఒరగకుండా మధ్యలో ఏం కూరావు, ఆకులా, అట్టముక్కలా? మా ఆవిడ అడగమంది. నీ రెమ్మ నా దగ్గరే ఉంటుంది, అమెరికా కస్టమ్స్ వాళ్లు పచ్చాకు రానివ్వరు. కానీ టెక్సాస్‌లో మెస్కీట్ ఉంటుంది కదా, ముళ్లతో, సన్నాకులతో. అది జమ్మికి దూరపు చుట్టం. మీవాళ్లు దాని పొగ మీద మాంసం కాలుస్తారట, పోనీలే, చుట్టాలందరూ ఒకేలా ఉండరు.

స్వప్నా, నువ్వు ఇది ఏ తెల్లవారుజామునో పాపకి పాలు పట్టేటప్పుడు ఒంటి చేత్తో చదువుతావు. అందుకే నీకు పొడుగు రాయను. మీ అత్తమ్మ వాళ్ల ధార్వాడ్‌లో కూడా బన్ని అని ఇదే ఆకు ఇచ్చుకుని, బంగారంలా ఉందాం అంటారని పెళ్లయిన కొత్తలో నువ్వే చెప్పావు. ఈసారి ఆమెకి నువ్వు ముందు ఇవ్వు. పాప పిడికిట్లో పెట్టకు, నోట్లో పెట్టుకుంటుంది, ఊయలకి కట్టు. పేరు ఇంకా తేలలేదట కదా. బన్నీ అని మాత్రం పిలవకండి, హీరో ఫ్యాన్స్ అనుకుంటారు.

తిరుపతీ, నువ్వుండేది ఉప్పల్. అందరికంటే దగ్గర నువ్వే, అందరికంటే రానిది నువ్వే. ఈసారి దసరా గాంధీ జయంతి రోజే పడి షాపులు బంద్ కాబట్టి, నిన్ననే కిలోన్నర మటన్ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. కార్జం నీ కోసం వేరే డబ్బాలో ఉంది. ఆదివారం దాకా ఉంటుంది. ఆ తర్వాత పిల్లలకి వేయించి పెడతానని మా ఆవిడ చెప్పింది, తను అన్న మాట తప్పదు. నీ రెమ్మ పోస్టులో రాదు, ఆ డబ్బా పక్కనే ఉంటుంది.

సురేష్, నీకు శుభాకాంక్షలు చెప్పను. మీ ఇంట్లో ఈ ఏడు పండుగ లేదు. చీకటి పడకముందే కొత్తవాడ వెళ్లాను. అమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంది. నేను జమ్మి ఇస్తే తన చేతిలో పెట్టించుకోలేదు, మగ్గం చూపించింది. నాయిన మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. అంచు ఎత్తి చూస్తే, సగం నేసిన జంఖానా అలాగే ఉంది, ఎరుపు, నలుపు పట్టీలు. నల్ల పట్టీ సగంలో ఆగింది. ఆ పోగుల మీద ఆకు పెట్టి మళ్లీ కప్పాను. గుర్తుందా, దసరా నాడు మగ్గానికి బొట్టు పెట్టి, మనం జమ్మి ఇస్తే ఒక్కొక్కరికీ కొత్త పది రూపాయల నోటు ఇచ్చేవాడు, సలీంకి ఒకటి ఎక్కువే ముట్టేది. బయల్దేరుతుంటే అమ్మ ఒకటే అడిగింది, ‘సూరత్‌లో వాడు తిన్నడో లేదో నీకేమన్న చెప్పిండా?’ అని. నాకెందుకు చెబుతావు, ఆమెకే చెప్పు. ఇప్పుడే చెయ్యి, పడుకుని ఉండదు.

శ్రీకాంత్. సంక్రాంతి నుంచి మనం మాట్లాడుకోవట్లేదని ఈ గ్రూపులో అందరికీ తెలుసు. ఎందుకో మనిద్దరికే తెలుసు, అది అలాగే ఉండనీ. నీ రెమ్మకి ముళ్లు ఎక్కువున్నాయి. కూర్చుని ఒక్కొక్కటే గిల్లి తీశాను, వేలికి గుచ్చుకుంది కూడా. స్వప్నది, సురేష్‌ది, నీది శనివారం కవర్లలో పెట్టి పోస్టు చేస్తున్నా. పుణెలో దసరాకి ఆప్టా ఆకు ఇచ్చి సోనం అంటారట, నీ దగ్గర అది ఉన్నా సరే, నాకు ఏదైనా ఒకటే. అలాయ్ బలాయ్ ఫోన్లో కుదరదు కానీ, తొమ్మిదిన్నరకి చేస్తా. ఎత్తు.

మీ వేణు
హన్మకొండ, దసరా రాత్రి